మూడేళ్ళకా, అయిదేళ్ళకా?

"మేడమ్, మూడేళ్ళకయితే నెలకి 9,964. అయిదేళ్ళకయితే 6,673. ఏది రాసుకోమంటారు?"

బ్యాంకులో కుర్రాడు కాలిక్యులేటర్ని మా వైపు తిప్పి అడిగిన తీరు, జనరల్ బజార్లో చీరల కొట్టతను రెండు చీరలు పరిచి 'ఏది ప్యాక్ చేయమంటారమ్మా' అన్నట్టే ఉంది. మావారు నా వైపు చూశారు. నేను కాలిక్యులేటర్ వైపు చూశాను. ఎవరైనా ఏమంటారు చెప్పండి? తక్కువ ధరున్న చీరే బావున్నట్టు కనిపిస్తుంది. "అయిదేళ్ళకే రాయండి. తేలిగ్గా ఉంటుంది" అన్నాను. అన్నది నేనే, ఆయన కాదు. ఆ సంగతి ముందే ఒప్పేసుకుంటున్నాను.

ఇది 2022 నాటి మాట. మా అత్తగారికి రెండు మోకాళ్ళకీ ఆపరేషన్ చేయించాలి. ఇన్సూరెన్స్ పోను, మా చేతిలో ఉన్నది పోను, మూడు లక్షలు తక్కువ పడ్డాయి. నా గాజులు కుదువ పెడదామన్నాను. బంగారం మీద అప్పయితే వడ్డీ కాస్త తక్కువ పడేదేమో. కానీ ఆవిడ "నా మోకాళ్ళకోసం కోడలి చేతులు బోసిగా ఉంచుతానా" అని మంచం దిగనని కూర్చున్నారు. దాంతో మావారి జీతం మీద పర్సనల్ లోను తీసుకున్నాం. వడ్డీ ఏడాదికి 12 శాతం. మన పెద్దవాళ్ళ భాషలో చెప్పాలంటే నూటికి నెలకి రూపాయి వడ్డీ.

ఆపరేషన్ బాగా జరిగింది. ఆవిడ ఇప్పుడు చిలకలగూడ నుంచి మోండా మార్కెట్ దాకా నడిచి వెళ్ళి, నేను తెచ్చిన దానికంటే లేత బెండకాయలు తెచ్చి, నా ముందు విరిచి మరీ చూపిస్తారు. అది వేరే కథ. మనం అప్పు కథలోకి వద్దాం.

ప్రతి నెలా అయిదో తారీఖున 6,673 రూపాయలు (పైసలు వదిలేసి రాస్తున్నాను) ఖాతాలోంచి వెళ్ళిపోయేవి. పాలవాడి డబ్బుల్లా అదీ ఒక అలవాటయిపోయింది. అలా రెండేళ్ళు, అంటే 24 వాయిదాలు, ఒక్కటీ తప్పకుండా కట్టాం. అప్పుడు నేను వేస్తున్న చీటీ వచ్చింది. చేతికి యాభైవేలు. ఏదో వస్తువు కొనేలోపు ఈ అప్పులో వేసేద్దామని బ్యాంకుకి వెళ్ళి ఎంత బాకీ ఉందో అడిగాను.

వెళ్ళే ముందు ఇంట్లో వేలి మీద లెక్క వేసుకున్నాను. 24 వాయిదాలకి లక్షా అరవైవేలు కట్టాం. మూడు లక్షల్లో అది పోతే లక్షా నలభై. వడ్డీ కూడా ఉంటుంది కదా, మహా అయితే లక్షా అరవై ఉండచ్చు.

కౌంటర్లో ఇచ్చిన కాగితం మీద అసలు బాకీ 2,00,918 రూపాయలని ఉంది!

రెండుసార్లు చూశాను. వేరేవాళ్ళ ఖాతా కాగితం నాకిచ్చారేమోనని పేరు కూడా చూశాను. కట్టింది 1,60,160. అందులో అసలుకి చెల్లు పెట్టింది 99,082. మిగిలిన 61,078 వడ్డీ కింద పోయింది. అయిదేళ్ళలో రెండేళ్ళు గడిచిపోతే అప్పులో మూడో వంతే తీరిందన్నమాట. ఇంటికి వస్తూ దారంతా ఆ బ్యాంకు వాళ్ళని మనసులో తిట్టుకుంటూనే ఉన్నాను.

మా పక్కింటి బాబాయిగారు రైల్ నిలయంలో అకౌంట్స్ సెక్షన్లో పనిచేసి రిటైరయ్యారు. దక్షిణ మధ్య రైల్వే లెక్కలు చూసిన మనిషికి నా మూడు లక్షలు ఓ లెక్కా అని, కాగితం తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని చూసి, "అమ్మాయ్, లెక్క ఒక్క రూపాయి కూడా తప్పు లేదు. నీకు మోసం జరగలేదు. గడువు పెరిగితే ఏమవుతుందో నువ్వడగలేదు, వాళ్ళు చెప్పలేదు. అంతే" అన్నారు. పాత డైరీ ఒకటి తీసి, గీతలు గీసి, నా చేతికే పెన్ను ఇచ్చారు. ఆయన చెబుతుంటే నేనే రాశాను. నాకు అర్థమైన పద్ధతిలోనే మీకూ చెబుతాను.

పెళ్ళికి వంట గిన్నెలు అద్దెకి తెచ్చుకుంటాం కదా. మన దగ్గర ఎన్ని గిన్నెలుంటే అన్నిటికే రోజు అద్దె. ఇవాళ పది గిన్నెలు తిరిగి ఇచ్చేస్తే రేపటి అద్దె ఆ మేరకి తగ్గుతుంది. బ్యాంకు వడ్డీ కూడా అంతే. మన దగ్గర ఇంకా మిగిలి ఉన్న అసలుకి ఆ నెల అద్దె అది. మనం కట్టే వాయిదాలోంచి ముందుగా ఆ అద్దె తీసేసుకుంటారు. మిగిలిందే అసలుకి వెళుతుంది.

మొదటి నెల మా దగ్గర మూడు లక్షలూ ఉన్నాయి. రూపాయి వడ్డీ చొప్పున 3,000. ఇక్కడే నాకు మొదటి సంగతి తట్టింది. మేం మూడేళ్ళ గడువు తీసుకున్నా మొదటి నెల వడ్డీ ఆ 3,000 రూపాయలే, అయిదేళ్ళది తీసుకున్నా అంతే. ఆ నెల వడ్డీకి మనం ఎన్నేళ్ళలో తీరుస్తామన్నది పట్టదు. ఎంత బాకీ ఉందన్నదే దానికి కావాలి.

తేడా అంతా ఆ తర్వాతే. మేం కట్టిన 6,673 లోంచి 3,000 పోతే అసలుకి వెళ్ళింది 3,673. అదే మూడేళ్ళ గడువయితే 9,964 లోంచి అదే 3,000 పోయి అసలుకి 6,964 వెళ్ళేది. చూశారా, వాయిదా ఒకటిన్నర రెట్లే, కానీ అసలు తగ్గడం దాదాపు రెండు రెట్లు. రెండో నెల వచ్చేసరికి అయిదేళ్ళ దారిలో బాకీ 2,96,327, దాని మీద వడ్డీ 2,963. మూడేళ్ళ దారిలో బాకీ 2,93,036, వడ్డీ 2,930. తేడా ముప్ఫై మూడు రూపాయలే కదా అనిపిస్తుంది. కానీ ఆ తేడా ప్రతి నెలా కొంచెం కొంచెం పెరుగుతూ పోతుంది.

నేను డైరీలో 24 వరసలూ రాశాను. ఓపిక ఎక్కువై కాదు, కోపంతో. ఇరవై నాలుగో వరస చివర సరిగ్గా 2,00,918 వచ్చింది. ఇరవై అయిదో నెల వాయిదాలో వడ్డీ 2,009కి దిగి, అసలు 4,664కి పెరిగింది. అలా దిగుతూ దిగుతూ అరవయ్యో నెలకి వడ్డీ కేవలం 66 రూపాయలు. వాయిదా మాత్రం మొదటి నెల నుంచి చివరి నెల దాకా ఒకటే. కదలకుండా ఒకేలా కనిపిస్తుంది గనుకే దాని లోపల ఏం జరుగుతోందో మనం చూడం.

నా కోపం కాస్త చల్లారాక బాబాయిగారు అసలు విషయానికి వచ్చారు. "ఆ కుర్రాడు నీకు రెండు గడువులే చూపించాడు. మిగతావి నువ్వే రాసి చూడు" అన్నారు. రూపాయి వడ్డీకి లక్షకి నెల వాయిదా ఎంతో ఆయనకి నోటికే వచ్చు. రెండేళ్ళకయితే 4,707, మూడేళ్ళకి 3,321, నాలుగేళ్ళకి 2,633, అయిదేళ్ళకి 2,224, ఆరేళ్ళకి 1,955, ఏడేళ్ళకి 1,765. మీకెన్ని లక్షలుంటే అన్నిటితో హెచ్చవేసుకోండి. వడ్డీ రేటు వేరయితే ఈ అంకెలు మారతాయి. అప్పుడు ఆ రేటుకి లక్షకి వాయిదా ఎంతో బ్యాంకులోనే అడగచ్చు. వాయిదాని నెలల సంఖ్యతో హెచ్చవేసి, తీసుకున్న అప్పు తీసేస్తే మిగిలేదే మొత్తం వడ్డీ.

మా మూడు లక్షలకి ఈ లెక్క వేశాను. రెండేళ్ళయితే నెలకి 14,122, మొత్తం వడ్డీ 38,929. మూడేళ్ళయితే నెలకి 9,964, వడ్డీ 58,714. నాలుగేళ్ళయితే 7,900, వడ్డీ 79,207. మేం తీసుకున్న అయిదేళ్ళకి 6,673, వడ్డీ 1,00,400. ఏడేళ్ళకి పోతే 5,296, వడ్డీ 1,44,849. అంటే మూడు లక్షలకి దాదాపు సగం అప్పు వడ్డీగానే అచ్చుకోవాలి.

ఇంతవరకూ గడువు పెరిగితే వడ్డీ పెరుగుతుందని ఎవరైనా చెబుతారు. నాకు కొత్తగా తెలిసింది వేరే. ఒక్కో ఏడాది పెంచినప్పుడు మనకి దక్కే ఊరట ఎంత, దానికి మనమిచ్చే ఖరీదు ఎంత అని పక్కపక్కన రాసి చూశాను. రెండేళ్ళ నుంచి మూడేళ్ళకి వెళితే నెల వాయిదా 4,158 తగ్గింది. మొత్తం వడ్డీ 19,785 పెరిగింది. మూడు నుంచి నాలుగుకి వెళితే వాయిదా తగ్గింది 2,064 మాత్రమే, వడ్డీ పెరిగింది 20,493. నాలుగు నుంచి అయిదుకి తగ్గింది 1,227, పెరిగింది 21,193. ఆరు నుంచి ఏడుకయితే తగ్గేది 569 రూపాయలు, పెరిగేది 22,565!

ప్రతి ఏడాదికీ మనం ఇచ్చుకునే ఖరీదు ఇంచుమించు ఒకటే, ఇరవైవేల పైచిలుకు. దానికి బదులుగా దొరికే ఊరట మాత్రం ఏడాదికేడాదికీ కరిగిపోతోంది. ఎందుకిలా అంటే, వాయిదా ఎంత తగ్గించినా ఆ మొదటి నెల వడ్డీ 3,000 కంటే కిందికి దిగలేదు. సరిగ్గా 3,000 కడుతూ కూర్చుంటే అసలు ఒక్క రూపాయి తగ్గదు, నూరేళ్ళకీ అప్పు అలాగే ఉంటుంది. గడువు పెంచే కొద్దీ మనం ఆ 3,000 గోడకి దగ్గరవుతుంటాం. అందుకే వాయిదా ఇక తగ్గనని మొరాయిస్తుంది. వడ్డీ రేటు ఎక్కువయితే ఆ గోడ ఇంకా ఎత్తుగా ఉంటుంది. ఇదే మూడు లక్షలకి 15 శాతమయితే మొదటి నెల వడ్డీయే 3,750. మూడేళ్ళ నుంచి అయిదేళ్ళకి పెంచినందుకు అదనంగా పోయేది మా లెక్కలో దాదాపు 41,700 అయితే, ఆ రేటుకి 53,800 దాకా అవుతుంది.

నన్ను ఎక్కువ బాధపెట్టిన అంకె ఏమిటో తెలుసా? 1,227. నాలుగేళ్ళ గడువు అడిగి ఉంటే నెలకి ఇంకో పన్నెండువందల చిల్లర కట్టాల్సి వచ్చేది, అంతే. నా ఇంటి ఖర్చుల పుస్తకం తీసి ఆ రెండేళ్ళూ తిరగేశాను. చీటీకి నెలనెలా అంతకంటే ఎక్కువే కట్టాను. అంటే ఆ పన్నెండువందలు మా దగ్గర ఉన్నాయి. వాటికోసం ఇరవై ఒక్కవేలు వదులుకున్నాం. కౌంటర్లో కుర్రాడు మూడు, అయిదు అన్నాడే కానీ నాలుగు అనలేదు. నాకూ మధ్యలో నాలుగనే అంకె ఒకటి ఉంటుందని తోచలేదు.

అలాగని ఎంత తక్కువ గడువయితే అంత తెలివని నేననను. ఎందుకనను అంటే, మా చెల్లెలి సంగతి ఉంది.

నా గొడవంతా ఫోన్లో విని, అది "అక్కా, నేను నీలా చెయ్యను" అని ఇంటి రిపేరుకి తీసుకున్న మూడు లక్షలకి రెండేళ్ళ గడువే రాయించుకుంది. నెలకి 14,122. నా లక్ష వడ్డీ ముందు దాని వడ్డీ ముప్ఫై తొమ్మిది వేలే కదా, గొప్పగా చెప్పుకుంది. ఏడు నెలలు నిమ్మళంగా గడిచాయి. జూన్ వచ్చింది. ఇద్దరు పిల్లల స్కూలు ఫీజులు, పుస్తకాలు, యూనిఫారాలు. వాయిదా రోజున ఖాతాలో డబ్బు చాల్లేదు. వాయిదా వెనక్కి వచ్చింది. బ్యాంకు వాళ్ళ జరిమానా ఒకటి, ఖాతాలో డబ్బు లేనందుకు ఇంకోటి పడ్డాయి. పైగా రేపెప్పుడైనా ఇంటి లోనుకి వెళితే ఈ తప్పిన వాయిదా రికార్డులో కనిపిస్తుంది. భయపడి తెలిసినవాళ్ళ దగ్గర చేబదులు తెచ్చి కట్టింది. అది మూడు రూపాయల వడ్డీ, అంటే ఏడాదికి 36 శాతం. రూపాయి వడ్డీ మిగుల్చుకుందామని మూడు రూపాయల వడ్డీలోకి దిగిందన్నమాట.

చెల్లెలు చేసిన పొరపాటు, మామూలు నెలని చూసి గడువు నిర్ణయించుకోవడం. జీతం ఇంత, ఖర్చు ఇంత, మిగిలేది పదిహేనువేలు, కట్టేయగలం అనుకుంది. చూసుకోవాల్సింది ఏడాదిలో అన్నిటికంటే ఇరుకైన నెలని. కొందరికి అది జూన్, కొందరికి దసరా, పల్లెలో పొలమున్న వాళ్ళకి విత్తనాల వేళ. ఆ నెలలో కూడా చేయి చాచకుండా ఎంత కట్టగలమో అదే మన వాయిదా. దానికి సరిపోయే గడువుల్లో అన్నిటికంటే చిన్నది తీసుకోవాలి. ఇరుకు నెలకోసం ముందునుంచే కాస్త కాస్త పక్కన పెట్టగలిగిన వాళ్ళు ఇంకో మెట్టు కిందికి దిగచ్చు. మా ఇంటికి ఆ లెక్కన నాలుగేళ్ళు సరిపోయేది, చెల్లెలికి మూడేళ్ళు.

సరే, జరిగిపోయింది జరిగిపోయింది. చేతిలో చీటీ డబ్బు యాభైవేలు ఉంది. ఇప్పుడైనా సర్దుకోగలమా?

మళ్ళీ బ్యాంకుకి వెళ్ళాను. అసలులో కొంత ముందుగా కట్టచ్చన్నారు. మా ఒప్పందం ప్రకారం అలా కట్టే మొత్తం మీద 4 శాతం చార్జీ, దానిమీద 18 శాతం జీఎస్టీ. యాభైవేలకి అది 2,360 రూపాయలయింది. అది కట్టినా లాభమేనా అన్నది ఒక ప్రశ్న. ఇంకో ప్రశ్న కౌంటర్లో ఉన్నామె అడగలేదు, ఈసారి నేనే అడిగాను. "ఇప్పుడు నా వాయిదా తగ్గుతుందా, గడువు తగ్గుతుందా?" ఆమె, "మామూలుగా వాయిదా తగ్గిస్తాం మేడమ్, అందరికీ అదే ఇష్టం" అంది.

ఈ రెండింటికీ ఎంత తేడా ఉందో చూడండి. యాభైవేలు కట్టాక బాకీ 1,50,918 అయింది. మిగిలిన 36 నెలల గడువు అలాగే ఉంచితే వాయిదా 6,673 నుంచి 5,013కి దిగుతుంది. చేతికి నెలకి 1,660 మిగిలినట్టు హాయిగానే ఉంటుంది. మొత్తం మీద ఆదా అయ్యే వడ్డీ 9,785. అలా కాక వాయిదా 6,673 కదపకుండా ఉంచితే 36 వాయిదాల అప్పు 26 వాయిదాల్లో తీరిపోతుంది. ఆ చివరిది కూడా చిన్న వాయిదాయే. ఆదా అయ్యేది 18,290. అదే యాభైవేలు, అదే రోజు, అదే బ్యాంకు. ఒక్క మాట తేడాతో దాదాపు రెట్టింపు! చార్జీ పోయినా దగ్గర దగ్గర పదహారు వేలు మిగిలాయి. 'వాయిదా మార్చకుండా గడువు తగ్గించవలసింది' అని కాగితం మీద రాసిచ్చి, దాని మీద ముద్ర వేయించుకుని, కొత్త వాయిదాల పట్టిక చేతికొచ్చాకే కదిలాను. ఒక్కోసారి నోటిమాటగా చెబితే కంప్యూటర్లో రెండోది నొక్కేస్తారు.

ఇలా ముందుగా కట్టడంలో కూడా వేళ ఉంది. మా అయిదేళ్ళ అప్పులో మొదటి ఏడాది వడ్డీ 33,493. రెండో ఏడాది 27,585. చివరి ఏడాది మొత్తం వడ్డీ ఎంతనుకున్నారు? 4,971! ఆ చివరి ఏడాది మొదట్లో 75 వేల బాకీ మొత్తం ఒక్కసారి తీర్చేద్దామనుకుంటే, అదే 4 శాతం చార్జీకి జీఎస్టీతో కలిపి మూడున్నర వేలు పోతుంది. మిగిలేది పధ్నాలుగు వందలు. దానికోసం చేతిలో ఉన్నదంతా ఊడ్చి ఇవ్వక్కర్లేదు. ముందు కట్టే ఆలోచన ఉంటే అప్పు పచ్చిగా ఉన్నప్పుడే కట్టాలి. మొదటి ఏడాది దాకా అలా కట్టనివ్వని ఒప్పందాలు కూడా ఉంటాయి గనుక, సంతకానికి ముందే ఆ వాక్యం వెతుక్కోవాలి.

చార్జీల విషయంలో ఒక మార్పు వచ్చింది. 2026 జనవరి 1 నుంచి మంజూరయ్యే అప్పుల్లో, వ్యాపారం కోసం కాకుండా వ్యక్తులు తీసుకున్నవాటికి, వడ్డీ రేటు మారుతూ ఉండే రకమయితే ముందు కట్టినందుకు చార్జీ వేయకూడదని రిజర్వు బ్యాంకు చెప్పింది. కానీ పర్సనల్ లోన్లలో చాలావాటికి వడ్డీ మారదు, మొదట రాసిందే చివరిదాకా. వాటికి చార్జీ ఉండచ్చు. మీది ఏ రకమో ఒప్పందంలో ఉంటుంది.

మేం సంతకాలు చేసిన రోజుల్లో లేనిది, ఇప్పుడున్నది ఇంకొకటి ఉంది. 2024 అక్టోబరు 1 నుంచి మంజూరయ్యే ఇలాంటి అప్పులన్నిటికీ, సంతకానికి ముందే 'కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్' అనే కాగితం ఇవ్వాలి. అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలోనే ఇవ్వాలి. తెలుగులో కావాలని అడగడానికి మొహమాటపడక్కర్లేదు. వడ్డీతోపాటు ప్రాసెసింగ్ ఫీజులాంటివి కూడా కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో అందులో ఉంటుంది. నేను కోపంతో డైరీలో గీసుకున్న వరసలుంటాయే, ఏ నెల వాయిదాలో వడ్డీ ఎంత, అసలెంత, మిగిలిన బాకీ ఎంత అని, ఆ పట్టిక కూడా దాంతోపాటే ఉంటుంది. అది ఇచ్చాక ఒప్పుకోవడానికి కనీసం మూడు పనిదినాల వ్యవధి ఇవ్వాలి. అంటే ఇంటికి తెచ్చుకోవచ్చు. ఖర్చుల పుస్తకం పక్కన పెట్టుకుని చూడచ్చు. డబ్బు చేతికొచ్చిన రోజుకీ మొదటి వాయిదా రోజుకీ మధ్య ఉన్న రోజుల్ని బట్టి మన లెక్కకీ వాళ్ళ లెక్కకీ కొద్ది రూపాయలు అటూ ఇటూ అవుతుంది. దానికి కంగారు పడక్కర్లేదు. మొదటి నెల వడ్డీయే, మిగిలిన అసలుతో పొంతన లేకుండా నెలనెలా ఒకే మొత్తంగా కనిపిస్తే మాత్రం ఆగాలి. కొన్ని ఫైనాన్సు కంపెనీల్లో 'ఫ్లాట్' వడ్డీ అంటారు, అది ఆ రకం. మనం తిరిగిచ్చేసిన గిన్నెలకి కూడా చివరిదాకా అద్దె వసూలు చేస్తారన్నమాట. దానికి నేను చెప్పిన లెక్కలేవీ సరిపోవు. అందులో చెప్పే శాతం చిన్నదిగా కనిపిస్తుంది, పడేది మాత్రం పెద్దది.

మొన్నామధ్య మధ్యాహ్నం పచ్చడికి చింతకాయలు దంచుతుంటే ఫోన్. "మేడమ్, మీరు వాయిదాలు చాలా బాగా కడుతున్నారు. మీకు టాప్ అప్ లోను వచ్చింది. పాత బాకీ మేమే తీర్చేసి, మళ్ళీ అయిదేళ్ళకి కొత్తగా రాస్తాం. వాయిదా తగ్గిపోతుంది."

చేతులు చీర కొంగుకి తుడుచుకుని డైరీ అందుకున్నాను. ఈ ఫోను రెండేళ్ళ నాడే, చీటీ డబ్బు కట్టక ముందు వచ్చి ఉంటే ఏమయ్యేదో అని ఊరికే లెక్క వేశాను. బాకీ 2,00,918. కొత్త అప్పేమీ తీసుకోకుండా, దాన్నే మళ్ళీ అయిదేళ్ళకి అదే వడ్డీకి రాయించుకుని ఉంటే వాయిదా 4,469కి దిగేది. నెలకి 2,204 తక్కువ! కానీ పాత దారిలో ఇక కట్టాల్సిన వడ్డీ 39,322 అయితే, కొత్త దారిలో 67,240. దిగుతూ వచ్చిన మెట్లన్నీ మళ్ళీ ఎక్కి, మొదటి మెట్టు దగ్గర నిలబడడమే.

"అయిదేళ్ళ సంగతి సరే బాబూ, మొత్తం వడ్డీ ఎంత పడుతుందో చెప్పు" అన్నాను.

అవతల కాసేపు కీబోర్డు చప్పుడు. "అది... చూసి చెబుతాను మేడమ్" అన్నాడు.

"అలాగే, నిదానంగా చూడు. నాకు పచ్చడి పనుంది" అని పెట్టేశాను. లోపల్నించి మా అత్తగారు, "ఎవరే?" అంటూ వంటింట్లోకి నడిచొచ్చారు, చేతికర్ర లేకుండానే.